మనీ మల్టిప్లయర్ లెక్కలు ఎలా చేయాలి: మిగులు రిజర్వులు ఉన్నప్పుడు 1/rr ఎక్కడ తప్పుతుంది?

ముందు ఒక ప్రశ్న చూడండి. అన్ని బ్యాంకుల్లో కలిపి డిపాజిట్లు 10,000 ఉన్నాయి. ఆ బ్యాంకుల దగ్గరున్న రిజర్వులు 1,500. కేంద్ర బ్యాంకు నిర్ణయించిన రిజర్వు నిష్పత్తి, అంటే rr, 10 శాతం. డిపాజిట్లు ఇంకా గరిష్ఠంగా ఎంత పెరగగలవు? (ఏ దేశపు డబ్బన్నది ఇక్కడ అనవసరం, అందుకే ఒట్టి అంకెలే రాస్తున్నాను.)

మనీ మల్టిప్లయర్, అంటే ద్రవ్య గుణకం, 1/rr అన్న సూత్రం గుర్తున్నవాళ్ల చెయ్యి ఆగదు. 1/0.10 అంటే 10, దాన్ని 1,500తో గుణిస్తే 15,000. జవాబు కింద రెండు గీతలు. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే గీసి మార్కులు పోగొట్టుకున్నాను. 15,000 అన్న అంకెలో తప్పేమీ లేదు, కాకపోతే అది వేరే ప్రశ్నకు జవాబు. డిపాజిట్లు ఎంత వరకు చేరగలవని అడిగితే 15,000. ఎంత పెరగగలవని అడిగితే 5,000. పైగా బ్యాంకులు కొంత రిజర్వు కావాలనే అట్టిపెట్టుకుంటున్నాయని ప్రశ్నలో ఒక్క ముక్క చేర్చితే, ఆ 5,000 కాస్తా సున్నా కూడా కావచ్చు. ఎలాగో చూద్దాం.

మొదటి పని: సూత్రం జోలికి పోకుండా రిజర్వులను రెండుగా విడదీయండి

కాగితం మీద బ్యాలెన్స్ షీట్ వేయండి. ఒకవైపు బ్యాంకుల ఆస్తులు: రిజర్వులు 1,500, అప్పులుగా ఇచ్చినది 8,500. రెండోవైపు బ్యాంకులు జనానికి తిరిగి ఇవ్వాల్సినది: డిపాజిట్లు 10,000. రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ప్రశ్నలో ఏదైనా అంకె దాచిపెడితే ఇక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు రిజర్వులను విడదీయండి. 10,000 డిపాజిట్లలో 10 శాతం, అంటే 1,000, నియమం ప్రకారం ఉంచి తీరాలి. ఇవి తప్పనిసరి రిజర్వులు. ఉన్న 1,500లో ఆ వెయ్యి తీసేస్తే 500 మిగిలాయి. ఇవి మిగులు రిజర్వులు. తప్పనిసరి భాగం ఇప్పటికే ఉన్న డిపాజిట్లకు కట్టుబడి ఉంది కాబట్టి కొత్త డిపాజిట్లకు చోటిచ్చేది ఈ 500 మాత్రమే. 500 × 10 = 5,000. గుణించాల్సింది మిగులును, మొత్తాన్ని కాదు.

రెండో పని: ప్రశ్న ఒక్క బ్యాంకు గురించా, అన్ని బ్యాంకుల గురించా?

ఈ ఒక్క మాట చూసుకోకపోతే లెక్క ఎంత బాగా చేసినా జవాబు పదింతలు పెరిగిపోతుంది. పైన చెప్పిన అంకెలే ఒక్క బ్యాంకువి అనుకోండి. అది ఇవ్వగలిగే కొత్త అప్పు 500 మాత్రమే, 5,000 కాదు.

ఎందుకంటే, ఆ బ్యాంకు 500 అప్పిచ్చి ఖాతాలో జమ చేయగానే ఖాతాదారు దాన్ని ఎవరికో చెల్లిస్తాడు. ఆ ఎవరో వేరే బ్యాంకులో ఖాతా ఉన్నవాడయితే, చెల్లింపుతోపాటు 500 రిజర్వులు కూడా మొదటి బ్యాంకు చేతిలోంచి రెండో బ్యాంకుకు పోతాయి. 500కు మించి అప్పిచ్చిన బ్యాంకు తప్పనిసరి రిజర్వుల్లోకి చెయ్యి పెట్టాల్సి వస్తుంది.

కానీ అన్ని బ్యాంకులను ఒకే గంపలో వేసి చూస్తే, ఆ 500 ఎక్కడికీ పోలేదు. గంపలో ఇప్పటికీ 1,500 రిజర్వులే ఉన్నాయి. మారిందల్లా ఒకటే: డిపాజిట్లు 10,500 అయ్యాయి కాబట్టి తప్పనిసరి భాగం 1,050కి పెరిగింది, మిగులు 450కి తగ్గింది. రెండో బ్యాంకు ఆ 450 అప్పిస్తే మిగులు 405 అవుతుంది. ఇలా ప్రతి విడతలోనూ మిగులులో పదో వంతు తప్పనిసరి ఖాతాలోకి మారుతూ పోతుంది. మిగులు పూర్తిగా కరిగేసరికి డిపాజిట్లు 15,000 అవుతాయి, అప్పులు 13,500 అవుతాయి, రిజర్వులు మాత్రం అదే 1,500.

ఇక్కడ కాస్త ఆగండి. “బ్యాంకులు మిగులు రిజర్వులను అప్పుగా ఇచ్చేశాయి” అని మనం మాట వరసకు అంటుంటాం. నిజానికి జనం నోట్లుగా తీసుకుంటే తప్ప, రిజర్వులు బ్యాంకుల గంప దాటి బయటికి రావు. వాటి పేరు మాత్రమే మిగులు నుంచి తప్పనిసరికి మారుతుంది. కాబట్టి బ్యాంకులన్నీ కలిసి ఎంత అప్పిచ్చినా రిజర్వుల మొత్తం తగ్గదు. ఎక్కడైనా రిజర్వులు కుప్పలుగా ఉన్నాయని చదివినప్పుడు, ఆ కుప్పను చూసి మాత్రమే బ్యాంకులు అప్పులివ్వడం మానేశాయని అనేయకండి. కుప్ప ఎంతుండాలో నిర్ణయించేది ప్రధానంగా కేంద్ర బ్యాంకే.

మూడో పని: కొత్త డబ్బు ఏ దారిన వచ్చిందో చూడండి

ఈ పని చిన్నదే. ఎవరో 1,000 నోట్లు తెచ్చి డిపాజిట్ చేస్తే, ఆ నోట్లు అంతకుముందే జనం చేతిలో ఉన్న డబ్బు. డిపాజిట్లు చివరికి 10,000 పెరిగినా, చేతిలోని నోట్లు 1,000 తగ్గాయి కాబట్టి ద్రవ్య సరఫరా పెరిగింది 9,000. కేంద్ర బ్యాంకు బాండ్లు కొని 1,000 చెల్లిస్తే ఆ రిజర్వులు కొత్తగా పుట్టినవి, అందుకని పెరుగుదల పూర్తి 10,000. ఆ బాండ్లు అమ్మింది బ్యాంకే అయితే కొత్త అప్పులు 10,000. అమ్మింది మామూలు మనిషి అయితే మొదటి 1,000 డిపాజిట్ అప్పు లేకుండానే పుట్టింది కాబట్టి కొత్త అప్పులు 9,000.

నాలుగో పని: మిగులు గురించి ప్రశ్న ఏం చెబుతోందో పదం పదం చదవండి

అసలు కథ ఇదే. ఇప్పటిదాకా మిగులంతా కరిగిపోయే దాకా బ్యాంకులు అప్పులిస్తూనే పోతాయని అనుకున్నాం. 1/rr అన్న సూత్రంలో దాగి ఉన్న షరతు అదే. ప్రశ్నలో “గరిష్ఠంగా” అన్న మాట ఉంటే ఆ షరతును ఒప్పుకున్నట్టు. లేకపోతే బ్యాంకులు మిగులును ఏం చేస్తాయో తెలియాలి.

మిగులు ఏమీ లేని స్థితి నుంచి మొదలుపెడదాం. కేంద్ర బ్యాంకు బ్యాంకుల దగ్గర బాండ్లు కొని 1,000 కొత్త రిజర్వులు ఇచ్చింది. నిష్పత్తి 10 శాతం. ఎవరూ నోట్లుగా తీసుకోరు. ఇప్పుడు బ్యాంకులు నాలుగు రకాలుగా నడుచుకోవచ్చు.

మొదటి రకంలో బ్యాంకులు మిగులు అసలు ఉంచుకోవు. 1,000/0.10 = 10,000. పాఠ్యపుస్తకం జవాబు ఇదే.

రెండో రకంలో “జాగ్రత్తకి 200 పక్కన పెడతాం” అంటాయి. ఇది స్థిరమైన మొత్తం, డిపాజిట్లు పెరిగినా మారదు. అలాంటప్పుడు ముందే తీసేయాలి: (1,000 − 200)/0.10 = 8,000. ఇక్కడ ఒక చమత్కారం ఉంది. సగటున చూస్తే గుణకం 8. కానీ కేంద్ర బ్యాంకు ఇంకో 100 ఇస్తే, జాగ్రత్త సొమ్ము ఇప్పటికే పక్కన పెట్టేశారు కాబట్టి ఆ 100 మొత్తం పనిచేసి డిపాజిట్లు 1,000 పెరుగుతాయి. అంటే కొత్తగా వచ్చిన రిజర్వుకు గుణకం ఇంకా 10.

మూడో రకంలో “కొత్త డిపాజిట్లలో 5 శాతం మిగులుగా ఉంచుతాం” అంటాయి. ఇది నిష్పత్తి కాబట్టి ప్రతి విడతలోనూ కోత పడుతుంది. మొదటి 1,000 రిజర్వుల మీద చివరికి ఎన్ని డిపాజిట్లు నిలబడగలవంటే, ఒక్కో డిపాజిట్‌కు 10 శాతం తప్పనిసరి, 5 శాతం ఇష్టపూర్వకం, కలిపి 15 శాతం రిజర్వు కావాలి. కాబట్టి:

```
D = R / (rr + e)
D = 1000 / (0.10 + 0.05) = 6667
```

ఇందులో e అంటే డిపాజిట్లతో పోల్చిన మిగులు రిజర్వుల నిష్పత్తి. ఇక్కడ ఎక్కువగా కనిపించే పొరపాటు, 1,000లో 5 శాతం తీసేసి 950ని 10తో గుణించి 9,500 అనడం. స్థిరమైన మొత్తానికి వాడాల్సిన పద్ధతిని నిష్పత్తికి వాడటమే ఆ తప్పు. పట్టుకోవడం సులువు: చివరి జవాబును వెనక్కి తిప్పి చూడండి. 9,500 డిపాజిట్లకు తప్పనిసరి 950, మిగులు 475, కలిపి 1,425 రిజర్వులు కావాలి. మన దగ్గర ఉన్నది 1,000. కుదరదు. అదే 6,667కి తప్పనిసరి 667, మిగులు 333, కలిపి సరిగ్గా 1,000. ఈ వెనక్కి తిప్పే పరీక్షకు అర నిమిషం పడుతుంది, ప్రతి లెక్కకూ చేయండి.

నాలుగో రకంలో బ్యాంకులు వచ్చిన 1,000ని అలాగే ఉంచేసుకుంటాయి. డిపాజిట్లు ఒక్కటీ పెరగవు. గుణకం సున్నా.

నిష్పత్తి అదే 10 శాతం, రిజర్వులు అవే 1,000. జవాబులు 10,000, 8,000, 6,667, సున్నా. rr ఒక్కటే చెప్పి ఎవరైనా జవాబు అడిగితే, మొదటి రకాన్ని వాళ్లు మనసులో అనుకున్నారని అర్థం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వెళ్లండి. డిపాజిట్లు 10,000, రిజర్వులు 1,500. బ్యాంకులు డిపాజిట్లలో 5 శాతం మిగులు ఉంచుకోవాలనుకుంటున్నాయని చేర్చండి. 1,500/0.15 = 10,000. డిపాజిట్లు ఇప్పటికే అక్కడ ఉన్నాయి. ఆ 500 మిగులు ఖాళీగా కూర్చున్న డబ్బు కాదు, బ్యాంకులు కావాలనుకున్నంతే ఉంది. పెరుగుదల సున్నా. సూత్రం 5,000 అన్న చోటే ఇది.

జనం నోట్లుగా కూడా కొంత ఉంచుకుంటారని ప్రశ్న చెబితే, డిపాజిట్లతో పోల్చిన నోట్ల నిష్పత్తిని c అనుకుని ఇలా రాయండి:

```
m = (1 + c) / (c + rr + e)
```

c = 0.20, rr = 0.10, e = 0.05 అయితే గుణకం 1.20/0.35, అంటే దాదాపు 3.43. దీన్ని గుణించాల్సింది రిజర్వులతో కాదు, నోట్లు, రిజర్వులు కలిపిన మూల ద్రవ్యంతో, అంటే మానిటరీ బేస్‌తో. c పైనా కిందా రెండు చోట్లా ఉందన్నది మరిచిపోకండి.

ఐదో పని: e అక్కడే ఉంటుందని నమ్మకండి

పరీక్ష దాకా అయితే ఇక్కడ ఆగొచ్చు. కానీ e కూడా rr లాగే ఒక స్థిరాంకం అనుకుంటే సూత్రం మళ్లీ మోసం చేస్తుంది. rr నియమం, దాన్ని కేంద్ర బ్యాంకు రాస్తుంది. e మాత్రం బ్యాంకులు రోజూ తీసుకునే నిర్ణయం. రిజర్వుల మీద ఎంత వడ్డీ వస్తోంది, అప్పు తీసుకునే నమ్మకమైన మనుషులు ఉన్నారా, డిపాజిటర్లు ఒక్కసారిగా వచ్చి పడతారన్న టెన్షన్ ఎంతుంది అన్నవాటిని బట్టి అది కదులుతుంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 2008 అమెరికా. అప్పటిదాకా అక్కడి బ్యాంకులు మిగులు రిజర్వులు దాదాపు ఉంచుకునేవే కాదు. వాటి మీద వడ్డీ వచ్చేది కాదు, కాబట్టి ఉంచుకుంటే నష్టం. ఆ సెప్టెంబరులో సంక్షోభం ముదిరాక అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ పెద్ద ఎత్తున అప్పులిచ్చింది, తర్వాత బాండ్లు కొనడం మొదలుపెట్టింది. అక్టోబరు నుంచి రిజర్వుల మీద వడ్డీ కూడా ఇవ్వసాగింది. కొద్ది నెలల్లోనే మానిటరీ బేస్ సుమారు రెట్టింపయింది. పెద్ద బ్యాంకుల చెకింగ్ డిపాజిట్ల మీద rr 10 శాతంగానే ఉంది. 1/rr చెప్పినట్టే జరిగి ఉంటే డిపాజిట్లు పేలిపోవాలి. పేలలేదు. వచ్చిన రిజర్వుల్లో చాలా భాగం మిగులుగానే మిగిలిపోయింది. మనం పైన చెప్పుకున్న నాలుగో రకం ఇదే.

ఆ ఏడాది చివరికి నోట్లు, చెకింగ్ డిపాజిట్లు కలిపిన ద్రవ్య సరఫరాను బేస్‌తో భాగిస్తే వచ్చే గుణకం 1 కంటే కిందికి పడిపోయింది. ఇది మొదటిసారి చూసినప్పుడు నాకు ఎక్కడో భాగహారం తప్పిందనిపించింది. 1/rr ఎప్పుడూ 1 కంటే తక్కువ కాలేదు కదా! కానీ పై సూత్రంలో చూడండి: పైన 1 + c, కింద c + rr + e. గుణకం 1 కంటే తగ్గాలంటే rr + e విలువ 1 దాటాలి. అంటే బ్యాంకుల రిజర్వులు ఆ డిపాజిట్ల కంటే ఎక్కువ కావాలి. అప్పుడు జరిగింది అచ్చంగా అదే. ఇలాంటి అంకె ఎక్కడైనా కనిపిస్తే తప్పు అని కొట్టేయకుండా, ముందు రిజర్వులను డిపాజిట్లతో పోల్చి చూడండి.

రిజర్వు నిష్పత్తి మార్చే ప్రశ్న వస్తే

మళ్లీ మన అంకెలే: డిపాజిట్లు 10,000, రిజర్వులు 1,500. కేంద్ర బ్యాంకు నిష్పత్తిని 10 నుంచి 12 శాతానికి పెంచింది. ఏమవుతుంది?

చాలామంది గుణకం 10 నుంచి 8.33కి తగ్గింది కాబట్టి డిపాజిట్లు తగ్గుతాయని రాస్తారు. నిజానికి తప్పనిసరి రిజర్వులు 1,200 అయ్యాయి, మిగులు 300 ఇంకా ఉంది. నియమం ఎవరినీ ఒక్క అప్పు కూడా వెనక్కి తీసుకోమనడం లేదు. గరిష్ఠ పరిమితి 15,000 నుంచి 12,500కి దిగింది, అంతే. నిష్పత్తి 15 శాతం దాటేదాకా ఇప్పుడున్న డిపాజిట్లకు నియమం అడ్డు రాదు.

అయితే ఆ 500 మిగులు బ్యాంకులు జాగ్రత్తకోసం ఉంచుకున్నదే అనుకోండి. ఇప్పుడు 300కి తగ్గింది, వాటికి మళ్లీ 500 కావాలి. అప్పుడు తప్పనిసరికి మిగిలేది 1,000. 1,000/0.12 = 8,333. డిపాజిట్లు 1,667 తగ్గుతాయి. ఒకే మార్పు, ఒకసారి ఏమీ జరగలేదు, ఇంకోసారి ఆరో వంతు డిపాజిట్లు పోయాయి. తేడా అంతా ఆ 500 అవసరం లేక మిగిలిందా, అవసరమని దాచుకున్నదా అన్నదే.

ఇది కాగితం మీది గొడవే కాదు. 1936 ఆగస్టు నుంచి 1937 మే వరకు ఫెడరల్ రిజర్వ్ మూడు విడతల్లో రిజర్వు నిష్పత్తులను రెట్టింపు చేసింది. బ్యాంకుల దగ్గర పేరుకున్న మిగులు ఊరకే పడి ఉందని, దాన్ని కట్టేసినా అప్పుల మీద ప్రభావం ఉండదని వాళ్ల లెక్క. అంతకుముందు కొన్నేళ్ల పాటు వేల బ్యాంకులు మూతపడటం చూసిన బ్యాంకర్లు ఆ మిగులును భయంతో దాచుకున్నారని, అందుకే దాన్ని మళ్లీ కూడబెట్టుకోవడానికి అప్పులు తగ్గించారని ఆర్థికవేత్తలు మిల్టన్ ఫ్రీడ్‌మన్, అన్నా ష్వార్ట్జ్ వాదించారు. 1937లో వచ్చిన మాంద్యానికి ఆ పెంపు ఎంతవరకు కారణమన్నది ఆర్థికవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మీ జవాబులో మాత్రం రెండు సందర్భాలూ రాసి, ప్రశ్న ఏది చెబుతోందో దాని కింద గీత గీయండి.

నిష్పత్తి సున్నా అయితే? 2020 మార్చి 26 నుంచి అమెరికాలో రిజర్వు నిష్పత్తి సున్నాయే. 1/0 వేస్తే కాలిక్యులేటరే ఒప్పుకోదు. rr + e వాడితే 1/e మిగులుతుంది. నియమం లేదు కాబట్టి ఉన్న రిజర్వులన్నీ మిగులే, అంటే e = R/D. అప్పుడు 1/e అంటే D/R. డిపాజిట్లను కనుక్కోవడానికి డిపాజిట్లు ముందే తెలిసుండాలన్నమాట. అలాంటి ప్రశ్నలో e విలువ ఇవ్వకపోతే “ఇచ్చిన సమాచారం చాలదు” అని రాయండి. అదే సరైన జవాబు.